దవడ మొటిమలు, మాత్రలతో వచ్చే నెలసరి: ఒక పీసీఓఎస్ కేసు

పీసీఓఎస్ అంటే మగ హార్మోన్ ప్రభావం ఎక్కువై, అండం సరిగ్గా విడుదల కాక నెలసరి తప్పే సమస్య. ఈ కేసులో మొదటి మూడు నెలలు నేను దారి తప్పాను. తర్వాత తేరుకుని సరైన చోటికి ఎలా వచ్చానో కూడా రాస్తున్నాను. ఇక్కడ ఆమెను కావ్య అంటాను. అది ఆమె పేరు కాదు. చదువు, ఊరు లాంటి వివరాలు కూడా మార్చాను. రాయడానికి ఆమె ఒప్పుకుంది.

మొదటిసారి వచ్చినప్పుడు

కావ్యకి 22 ఏళ్లు, హాస్టల్లో ఉండి చదువుకుంటోంది. వాళ్లమ్మగారితో కలిసి నా దగ్గరికి వచ్చింది. నేను చర్మవ్యాధుల డాక్టర్ని. రెండేళ్లుగా మొటిమలు. బుగ్గల మీద చిన్నవి, ఎర్రగా, అన్నీ ఒకే సైజులో ఉన్నాయి. దవడ అంచు వెంబడి, గడ్డం కింద ఉన్నవి మాత్రం వేరు. లోతుగా, గట్టిగా, ముట్టుకుంటే నొప్పి. మానిన చోటల్లా నల్లటి మచ్చ. బుగ్గల మీద, చెవుల ముందు సన్నటి నూగు పెరిగింది. గడ్డం మీద కొన్ని వెంట్రుకలు నల్లగా ఉన్నాయి.

"సంబంధాలు చూస్తున్నాం మేడం, కాస్త తొందరగా తగ్గేలా చూడండి" అన్నారు వాళ్లమ్మగారు.

ముఖానికి ఏం రాస్తున్నావని అడిగితే బ్యాగులోంచి ఒక ట్యూబు తీసింది. మెడికల్ షాపులో ఎవరి చీటీ లేకుండా కొన్న క్రీము. అందులో హైడ్రోక్వినోన్, ట్రెటినాయిన్, మొమెటాసోన్ మూడూ ఉన్నాయి. మొమెటాసోన్ స్టెరాయిడ్. ఎనిమిది నెలలుగా రోజూ రాత్రి రాస్తోంది. మొదటి నెలలో ముఖం తెల్లబడిందట. తర్వాత ఆపితే మంట, ఎరుపు. అందుకే మళ్లీ రాయడం. ఇలాంటి ముఖాలు మా ఓపీలో వారానికి రెండు మూడు చూస్తాం. స్టెరాయిడ్ క్రీము ఎక్కువ కాలం రాస్తే మొటిమలూ వస్తాయి, నూగూ పెరుగుతుంది.

"నెలసరి సరిగ్గా వస్తుందా అమ్మా?" అని అడిగాను. కావ్య నోరు తెరిచేలోపే వాళ్లమ్మగారు "నెలనెలా వస్తాయి మేడం, ఆ ఇబ్బందేం లేదు" అన్నారు. నేను చీటీలో 'రెగ్యులర్' అని రాసుకుని ముందుకెళ్లాను. ఆ ఒక్క మాట రాసుకోవడం వల్లే మూడు నెలలు పోయాయి.

మొదటి చికిత్స, దాని వెనక ఆలోచన

కంటి ముందు ఒక బలమైన కారణం కనిపిస్తే మనసు దానికే అతుక్కుంటుంది. క్రీము దొరికింది, మొటిమలకీ వెంట్రుకలకీ అదే కారణం అనుకున్నాను. స్టెరాయిడ్‌ని ఒక్కసారిగా ఆపితే ముఖం మండిపోతుంది కాబట్టి రోజు విడిచి రోజు, తర్వాత వారానికి రెండుసార్లు, అలా నాలుగు వారాల్లో మాన్పించాను. డాక్సీసైక్లిన్ 100 మిల్లీగ్రాములు రోజుకొకటి ఇచ్చాను. చర్మం కుదుటపడ్డాక, నాలుగో వారం నుంచి, దవడ మీద రాత్రిపూట అడాపలీన్ 0.1 శాతం జెల్, పొద్దున బెంజాయిల్ పెరాక్సైడ్ 2.5 శాతం. వెంట్రుకలకి ప్రస్తుతానికి థ్రెడింగ్ చాలన్నాను.

మూడు నెలల తర్వాత బుగ్గలు బాగుపడ్డాయి. ఎరుపు పోయింది, సన్నటి నూగు పల్చబడింది. దవడ మాత్రం అలాగే ఉంది. ఆ రోజు లెక్కపెడితే దవడ, గడ్డం కింద కలిపి 14 మొటిమలు. గడ్డం వెంట్రుకలు ముందుకంటే ముతకగా కనిపించాయి.

రెండు రకాల మార్పుల్ని ఒకే గాటన కట్టానని అప్పుడు అర్థమైంది. క్రీము వల్ల పెరిగే వెంట్రుకలు సన్నగా, మెత్తగా, క్రీము రాసిన చోటల్లా పరుచుకుని ఉంటాయి. క్రీము మానేస్తే కొన్ని నెలల్లో పల్చబడతాయి. మగ హార్మోన్ ప్రభావంతో పెరిగేవి ముతకగా, నల్లగా ఉంటాయి. మగవాళ్లకి మీసం, గడ్డం వచ్చే చోట్లే మొలుస్తాయి. కావ్య ముఖం మీద రెండూ ఉన్నాయి. క్రీము మానగానే మొదటిది తగ్గి, రెండోది బయటపడింది.

ఒంటరిగా వచ్చిన రోజు

ఆసారి కావ్య ఒక్కతే వచ్చింది. గడ్డం కింద వేలితో తడిమి చూపించింది. "ఇక్కడ గరుకుగా ఉంటుంది మేడం. పొద్దున అందరికంటే ముందు లేచి బాత్రూమ్‌లో ప్లకర్‌తో తీసుకుంటా. రూమ్మేట్స్‌కి తెలీదు." పర్సులో ప్లకర్, చిన్న అద్దం ఎప్పుడూ ఉంటాయట. లెన్సుతో చూస్తే గడ్డం కింద పీకిన చోట్ల చిన్న చిన్న నల్ల చుక్కలు, మధ్యలో చర్మం లోపలికి ముడుచుకుపోయిన రెండు వెంట్రుకలు ఉన్నాయి. నేను మొటిమలని లెక్కపెట్టిన వాటిలో కొన్ని అలా పీకడం వల్ల వచ్చిన వాపులే.

నెలసరి గురించి మళ్లీ అడిగాను. ఈసారి ప్రశ్న మార్చాను. "మాత్రలు వేసుకోకుండా పోయిన ఏడాది ఎన్నిసార్లు వచ్చింది?"

కాసేపు ఆలోచించి "నాలుగుసార్లు" అంది.

పదమూడో ఏట రజస్వల అయింది. పదిహేడో ఏడు దాకా నెలనెలా వచ్చేది. ఇంటర్ అయిపోయే నాటికి రెండు నెలలకి, మూడు నెలలకి ఒకసారి అయింది. ఊళ్లో ఒకరు 'తెప్పించే మాత్రలు' రాసిచ్చారు. ఆలస్యమైనప్పుడల్లా అవి పది రోజులు వేసుకునేది, ఆపిన కొద్ది రోజులకి బ్లీడింగ్ అయ్యేది. ఇంట్లో వ్రతమో పెళ్లో ఉంటే నోరెథిస్టిరోన్ వేసి వాయిదా వేయించేవారు. వాళ్లమ్మగారు అబద్ధం చెప్పలేదు. ఆవిడ దృష్టిలో నెలనెలా వస్తున్నట్టే. కానీ ఆ మాత్రలు ఆపాక వచ్చే బ్లీడింగ్ అండం విడుదలై వచ్చే నెలసరి కాదు. మాత్ర గర్భసంచి పొర మీద పనిచేసి, ఆపగానే ఆ పొర రాలిపోతుంది, అంతే. అండాశయం పనిచేస్తుందో లేదో దాన్ని బట్టి చెప్పలేం. రజస్వల అయి మూడేళ్లు దాటిన వాళ్లలో 35 రోజులకి మించి ఎడం ఉన్నా, ఏడాదికి ఎనిమిదిసార్ల కంటే తక్కువ వచ్చినా సక్రమంగా లేనట్టే.

ఒళ్లంతా ఉన్న వెంట్రుకలకి స్కోరు వేశాను. తొమ్మిది చోట్ల, ఒక్కో చోటికి సున్నా నుంచి నాలుగు వరకు మార్కులు వేసే పద్ధతి ఒకటుంది, ఫెరిమన్-గాల్వే స్కోరు అంటారు. పై పెదవికి 2, గడ్డానికి 3, బొడ్డు కింద 2, తొడలకి 1. మొత్తం 8. జాతిని బట్టి కనీసం నాలుగు నుంచి ఆరు ఉంటే ఎక్కువగా తీసుకుంటాం. వ్యాక్సింగ్ చేయించుకుని మూడు వారాలే అయింది కాబట్టి తొడల మార్కు నిజానికి ఇంకా ఎక్కువే ఉండొచ్చు.

మెడ వెనక చర్మం నల్లగా, మందంగా, ముఖ్‌మల్ గుడ్డలా ఉంది. "అమ్మ శనగపిండి, నిమ్మకాయ పెట్టి రుద్దుతుంది మేడం, పోవట్లేదు" అంది. అది మురికి కాదు. ఒంట్లో ఇన్సులిన్ ఎక్కువగా తిరుగుతోందనడానికి చర్మం చూపించే గుర్తు. రుద్దితే ఇంకా నల్లబడుతుంది. ఎత్తు 158 సెంటీమీటర్లు, బరువు 64 కిలోలు, నడుము 86 సెంటీమీటర్లు. బీఎంఐ 25.6. మనవాళ్లకి 23 దాటితేనే జాగ్రత్త పడాలి. వాళ్లమ్మగారికి షుగర్ ఉంది.

పాత రిపోర్టులు ఎందుకు పక్కన పెట్టాను

ఫోన్లో రెండు పాత రిపోర్టుల ఫొటోలు చూపించింది. మొదటిది ఇరవయ్యో ఏట చేయించినది. టోటల్ టెస్టోస్టెరాన్ 31 నానోగ్రాములు, నార్మల్. "హార్మోన్లు బాగానే ఉన్నాయి" అని అప్పుడు చెప్పారట. ఆ రోజుల్లో ఏ మాత్రలు వేసుకుంటున్నావని అడిగితే, 21 రోజుల గర్భనిరోధక మాత్రల ప్యాకెట్టు మధ్యలో ఉండగా రక్తం ఇచ్చానంది. ఆ మాత్రలు అండాశయంలో టెస్టోస్టెరాన్ తయారీని తగ్గిస్తాయి, రక్తంలో దాన్ని పట్టి ఉంచే ప్రొటీన్‌ని పెంచుతాయి. మందు పనిచేస్తున్నప్పుడు తీసిన అంకె అది, రోగం ఉందో లేదో చెప్పదు. ఆ పరీక్ష కావాలంటే మాత్రలు ఆపి కనీసం మూడు నెలలు గడవాలి.

రెండో రిపోర్టు నాలుగు నెలల కిందటిది. పాలు తయారుచేయించే హార్మోన్ ప్రొలాక్టిన్ 46. ఆ ల్యాబు పై హద్దు 25. తలలో పిట్యూటరీ గ్రంథి దగ్గర గడ్డ ఉండొచ్చు, ఎంఆర్ఐ తీయించుకోమని ఎవరో అన్నారట. ఆ మాట విన్న రోజు నుంచి వాళ్లమ్మగారు సరిగ్గా నిద్రపోలేదని కావ్య చెప్పింది. గడ్డ గురించి ఆలోచించే ముందు ఒక ప్రశ్న అడగాలి. ఆ రోజుల్లో కడుపుకి ఏమైనా వాడావా? వాడింది. హాస్టల్ తిండికి గ్యాస్ పట్టి, పాంటొప్రజోల్, డోంపెరిడోన్ కలిసిన క్యాప్సూల్ అప్పటికే నెలరోజులుగా పరగడుపున వేసుకుంటోంది. ప్రొలాక్టిన్‌ని అదుపులో ఉంచేది డోపమైన్. డోంపెరిడోన్ ఆ డోపమైన్‌ని అడ్డుకుంటుంది. అంకె పెరగడానికి అదొక్కటే చాలు. మన ఇళ్లలో గ్యాస్ మాత్రని ఎవరూ మందుగా లెక్కపెట్టరు. అందుకే 'ఏమైనా మందులు వాడుతున్నావా' అంటే 'లేదు' అంటారు. పేరు పెట్టి అడగాలి. ఆ క్యాప్సూల్ మాన్పించి, ఎంఆర్ఐ ఆపి, పరీక్ష మళ్లీ చేద్దామన్నాను.

అదే కాగితంలో అండాశయాన్ని నడిపించే ఎల్‌హెచ్, ఎఫ్‌ఎస్‌హెచ్ హార్మోన్ల నిష్పత్తి 2.6 అని, దాని పక్కన పీసీఓఎస్‌కి వాడుకలో ఉన్న మరో పేరు 'పీసీఓడీ' అని పెన్నుతో రాసి ఉంది. ఆ నిష్పత్తిని రోగ నిర్ధారణకి ఇప్పుడు వాడం. పీసీఓఎస్ ఉన్న చాలామందిలో అది మామూలుగానే ఉంటుంది, రోజు రోజుకీ మారుతుంది కూడా.

కొత్త పరీక్షలు

చివరిసారి బ్లీడింగ్ అయి 70 రోజులు. మాత్రలేవీ వేసుకోలేదు. ముందుగా యూరిన్ ప్రెగ్నెన్సీ టెస్ట్ చేయించాను. పెళ్లికాని అమ్మాయిని ఈ మాట అడగడానికి మన దగ్గర ఇబ్బంది పడతాం. ఒంటరిగా ఉన్నప్పుడు, "నెలసరి ఆగిన ప్రతి ఒక్కరికీ చేయిస్తాను" అని చెప్తే ఎవరూ నొచ్చుకోరు. నెగెటివ్ వచ్చింది. మెడ్రాక్సీప్రొజెస్టిరోన్ 10 మిల్లీగ్రాములు పది రోజులు ఇచ్చాను. ఇది కూడా 'తెప్పించే మాత్రే', కానీ ఈసారి కారణం వేరు. రెండు నెలలుగా రాలని గర్భసంచి పొర రాలాలి, పరీక్షకి ఒక లెక్క ఉన్న రోజు కావాలి. బ్లీడింగ్ మొదలైన మూడో రోజు, పొద్దున ఎనిమిదింటికి, పరగడుపున రక్తం తీయించాను. జుట్టు కోసం తింటున్న బయోటిన్ గమ్మీస్ మూడు రోజుల ముందే ఆపించాను. కొన్ని ల్యాబు పద్ధతుల్లో బయోటిన్ హార్మోన్ అంకెల్ని తారుమారు చేస్తుంది.

పరీక్షలు ఎక్కువ రాయలేదు. ఏ ప్రశ్నకి ఏ పరీక్ష అని ముందే అనుకుని రాశాను.

నెలసరి తప్పడానికి వేరే కారణం ఉందా? థైరాయిడ్‌కి టీఎస్‌హెచ్ 2.8, మామూలే. ప్రొలాక్టిన్ ఈసారి 14. గడ్డ భయం అక్కడితో పోయింది.

అడ్రినల్ గ్రంథిలో పుట్టుకతో ఉండే ఎంజైమ్ లోపం అచ్చం పీసీఓఎస్‌లానే కనిపిస్తుంది. దాన్ని పట్టేది 17-ఓహెచ్ ప్రొజెస్టెరాన్. ఇది పొద్దున్నే, నెలసరి మొదటి రోజుల్లోనే తీయాలి. అండం విడుదలయ్యాక మామూలు ఆడవాళ్లలో కూడా పెరుగుతుంది కాబట్టి ఆ రోజుల్లో తీస్తే లేని రోగం ఉన్నట్టు వస్తుంది. 200 నానోగ్రాముల లోపు ఉంటే దాదాపు ఆ లోపం లేనట్టే. కావ్యకి 96.

అండాశయంలో గానీ అడ్రినల్‌లో గానీ హార్మోన్ తయారుచేసే కణితి ఉందా? దీనికి అంకె కంటే కథే ముఖ్యం. కణితి ఉంటే కొన్ని నెలల్లోనే వెంట్రుకలు గుబురుగా పెరుగుతాయి, గొంతు బొంగురుపోతుంది, టెస్టోస్టెరాన్ సాధారణంగా 150-200 దాటుతుంది. కావ్యది ఐదేళ్లుగా నెమ్మదిగా పెరిగిన కథ. అడ్రినల్ తయారుచేసే మగ హార్మోన్ డీహెచ్‌ఈఏఎస్ 240, హద్దులోనే. అడ్రినల్‌లోనే తయారయ్యే కార్టిసాల్ ఎక్కువైతే కనిపించే గుర్తులు, అంటే పొట్ట మీద ఊదారంగు చారలు, ఊరికే కమిలిపోవడం, తొడల్లో బలహీనత లేవు కాబట్టి ఆ పరీక్ష రాయలేదు.

ఇక అసలు ప్రశ్న. టోటల్ టెస్టోస్టెరాన్ 58. ల్యాబు పై హద్దు 60. కాగితం మీద నార్మల్. ఇక్కడే ఆగిపోతే ఇంకోసారి "హార్మోన్లు బాగున్నాయి" అని పంపేసేవాళ్లం. దాంతోపాటు ఎస్‌హెచ్‌బీజీ కూడా చేయించాను. అది 19.

ఎస్‌హెచ్‌బీజీ అంటే ఏంటో కావ్యకి ఇలా చెప్పాను. టెస్టోస్టెరాన్‌ని జనం అనుకో. రక్తంలో చాలామంది బస్సుల్లో కూర్చుని తిరుగుతుంటారు. బస్సులో ఉన్నవాళ్లు ఏ పనీ చెయ్యరు, దిగినవాళ్లే చర్మంలోకీ వెంట్రుక కుదురులోకీ వెళ్లి పనిచేస్తారు. ఎస్‌హెచ్‌బీజీ ఆ బస్సు. దాన్ని తయారుచేసేది లివర్. ఇన్సులిన్ ఎక్కువైతే లివర్ బస్సుల్ని తగ్గిస్తుంది. జనం అంతే ఉన్నా బస్సులు తగ్గితే రోడ్డు మీదకి దిగినవాళ్లు పెరుగుతారు. టోటల్ టెస్టోస్టెరాన్ బస్సులో ఉన్నవాళ్లనీ దిగినవాళ్లనీ కలిపి లెక్కపెడుతుంది.

దిగినవాళ్ల అంచనాకి ఒక లెక్క ఉంది, ఫ్రీ ఆండ్రోజెన్ ఇండెక్స్ అంటారు. 58ని 28.8తో భాగిస్తే యూనిట్ మారి 2.01 అవుతుంది. దాన్ని ఎస్‌హెచ్‌బీజీతో భాగించి వందతో హెచ్చించాలి.

(2.01 ÷ 19) × 100 = 10.6

చాలా ల్యాబుల్లో 5 దాటితే ఎక్కువగా చూస్తారు. ఇక్కడ ఒక హద్దు చెప్పాలి. మామూలు ల్యాబుల్లో టెస్టోస్టెరాన్ కొలిచే పద్ధతి ఆడవాళ్లలో ఉండే తక్కువ మోతాదుల దగ్గర అంత కచ్చితంగా ఉండదు. మాస్ స్పెక్ట్రోమెట్రీ పద్ధతి మెరుగు, కానీ అన్నిచోట్లా దొరకదు. అందుకే నేను అంకెని ఒంటరిగా నమ్మను. గడ్డం మీద ముతక వెంట్రుకలు కళ్ల ముందు కనిపిస్తుంటే, అంకె మామూలుగా వచ్చినా మగ హార్మోన్ ప్రభావం ఉన్నట్టే లెక్క.

షుగర్ సంగతి కూడా చూడాలి కదా. పరగడుపున 94, మూడు నెలల సగటు చూపించే హెచ్‌బీఏ1సీ 5.6. రెండూ చూస్తే ఫర్వాలేదనిపిస్తుంది. 75 గ్రాముల గ్లూకోజ్ తాగించి రెండు గంటల తర్వాత చూస్తే 156. 140 దాటితే షుగర్‌కి ముందు దశ. మెడ మీద నలుపు చూపిస్తున్నది ఇదే.

నిర్ధారణ, వాళ్లమ్మగారితో మాట

పీసీఓఎస్ అనడానికి మూడింటిలో రెండు ఉండాలి, వేరే కారణాలు లేవని తేలాలి. అండం సరిగ్గా విడుదల కాకపోవడం ఒకటి, మగ హార్మోన్ ప్రభావం ఒకటి, స్కాన్‌లో అండాశయాల తీరు ఒకటి. 2003లో రోటర్‌డామ్‌లో కుదిరిన ఈ లెక్కనే కొద్ది మార్పులతో ఇప్పటికీ వాడుతున్నాం. కావ్యకి మొదటి రెండూ ఉన్నాయి. స్కాన్ అవసరం లేదు.

వాళ్లమ్మగారు మాత్రం పాత స్కాన్ కాగితం తెచ్చారు. "నీటి బుడగలు ఉన్నాయన్నారు మేడం. ఆపరేషన్ చేసి తీసేస్తే పోదా?" ఈ నీటి బుడగలు అన్న మాట మన దగ్గర చాలా భయం పెట్టింది. నిజానికి అవి గడ్డలు కావు. ప్రతి నెలా అండాశయంలో కొన్ని చిన్న సంచులు పెరగడం మొదలుపెడతాయి, వాటిలో ఒక్కటి మాత్రం రెండు సెంటీమీటర్ల దాకా పెరిగి అండాన్ని వదులుతుంది. పీసీఓఎస్‌లో చాలా సంచులు సెంటీమీటరు కూడా పెరగకుండా ఆగిపోతాయి. ఆగిపోయిన సంచుల వరుసనే స్కాన్‌లో చూస్తాం. తీసేయడానికి అక్కడ ఏమీ లేదు, అవి ఎందుకు ఆగుతున్నాయో చూడాలి. ఇన్సులిన్ ఎక్కువై అండాశయం చేత ఎక్కువ టెస్టోస్టెరాన్ చేయిస్తోంది. అదే బయటికొచ్చి నూనె గ్రంథుల్నీ గడ్డం వెంట్రుకల్నీ రెచ్చగొడుతోంది. కాగితం మీద బొమ్మ గీసి చూపిస్తే ఆవిడ అడిగిన మొదటి మాట, "అయితే మెడ నలుపు కూడా దీనిదేనా?" ఆ రోజు నుంచి రుద్దడం మానేశారు.

ఏది కుదరలేదు

గైనకాలజీలో ఉన్న నా సహోద్యోగితో కలిసి మందులు నిర్ణయించాం. గర్భనిరోధక మాత్రలు: ఇథినైల్ ఈస్ట్రాడయాల్ 30 మైక్రోగ్రాములు, డ్రోస్పిరినోన్ 3 మిల్లీగ్రాములు, 21 రోజులు వేసి 7 రోజులు ఆపేది. ఇవి అండాశయపు టెస్టోస్టెరాన్‌ని తగ్గిస్తాయి, బస్సుల్ని పెంచుతాయి, గర్భసంచి పొరకి రక్షణ ఇస్తాయి. ఆ పొర నెలల తరబడి రాలకుండా మందమవుతూ పోతే ఏళ్లు గడిచాక ప్రమాదం. ఇచ్చే ముందు కళ్ల ముందు మెరుపులతో వచ్చే మైగ్రేన్, ఇంట్లో ఎవరికైనా కాళ్లలో రక్తం గడ్డకట్టడం, సిగరెట్, బీపీ అడిగాం. ఏవీ లేవు, బీపీ 112/74. గ్లూకోజ్ 156 ఉంది కాబట్టి మెట్‌ఫార్మిన్ 500 రాత్రి భోజనంతో మొదలుపెట్టి, రెండు వారాలకోసారి పెంచుతూ 1500కి తెచ్చాం.

ఆరో వారంలో కావ్య మాత్రలు ఆపేసింది. మధ్యలో రెండుసార్లు స్పాటింగ్ అయింది, వికారం పట్టింది. పైగా వాళ్ల పిన్ని "పెళ్లికాని పిల్లకి పిల్లలు పుట్టకుండా వేసే మాత్రలేంటి" అందట. తప్పు నాదే. మొదటి రెండు మూడు నెలలు స్పాటింగ్ మామూలని, అది మందు పనిచేయకపోవడం కాదని నేను ముందే గట్టిగా చెప్పాల్సింది. ఇంట్లో ఈ ప్రశ్న వస్తుందని ఊహించి జవాబు చేతికిచ్చి పంపాల్సింది.

మాత్రలు ఆపిన ఆ నెలలోనే నగరంలో ఒక చోట లేజర్ ప్యాకేజీ తీసుకుంది. ఆరు సెషన్లు, పెళ్లిచూపుల లోపు పూర్తి చేస్తామన్నారు. రెండు సెషన్లు అయ్యాక నా దగ్గరికి వచ్చింది. గడ్డం మధ్యలో పల్చబడింది, కానీ దవడ కింద, మెడ పక్కన, లేజర్ తగిలిన అంచుల్లో అంతకుముందు నూగు మాత్రమే ఉన్నచోట నల్లటి వెంట్రుకలు మొలిచాయి. లేజర్ వేడి చాలనప్పుడు నూగుని చంపకుండా రెచ్చగొట్టగలదు. హార్మోన్ అదుపులో లేని మన రంగు ముఖాల మీద, ముఖ్యంగా దవడ, మెడ దగ్గర, ఇది జరిగే అవకాశం ఎక్కువ. మిగతా నాలుగు సెషన్లు ఆపించాను.

ఏది పనిచేసింది

మాత్రలు మళ్లీ మొదలుపెట్టాం, ఈసారి రాత్రి భోజనం తర్వాత. వాళ్లమ్మగారిని కూర్చోబెట్టి, ఇవి ఆపాక గర్భం రావడానికి అడ్డుపడవని, ఇక్కడ వాటి పని వేరని వివరంగా చెప్పాను. దవడ మీద అడాపలీన్ కొనసాగించాం. డాక్సీసైక్లిన్ పొడిగించలేదు. యాంటీబయాటిక్ మూడు నెలలకి మించి లాగితే క్రిములు దానికి అలవాటుపడతాయి. ప్లకర్ బదులు చిన్న కత్తెరతో కత్తిరించుకోమన్నాను. పీకడం ఆపితేనే ఆ వాపులు ఆగుతాయి.

ఎప్పుడు ఏం ఆశించాలో కాగితం మీద రాసిచ్చాను. మొటిమలకి మూడు నెలలు, వెంట్రుకలకి ఆరు నెలలు. అప్పటికే ముతకబారిన వెంట్రుక తన వంతు పెరిగి రాలాకే దాని చోట సన్నది వస్తుంది. మందు మారిస్తే ఇది తొందరగా అవ్వదు. మూడో నెలకి దవడ మొటిమలు 14 నుంచి 5కి వచ్చాయి. ఆరో నెలకి కత్తిరించుకోవడం రోజూ నుంచి నాలుగైదు రోజులకి ఒకసారి అయింది.

అది కావ్యకి చాలలేదు, నాకూ చాలలేదు. అప్పుడు స్పైరనోలాక్టోన్ 50 మిల్లీగ్రాములు కలిపి, నెల తర్వాత 100 చేశాం. ఇది చర్మంలో మగ హార్మోన్‌ని అడ్డుకుంటుంది. గర్భంలో మగబిడ్డ ఉంటే ఆ బిడ్డ ఎదుగుదలని దెబ్బతీయగలదు కాబట్టి గర్భనిరోధం లేకుండా ఇవ్వం. స్పైరనోలాక్టోన్ రక్తంలో పొటాషియంని పెంచగలదు, డ్రోస్పిరినోన్‌కీ కాస్త ఇదే గుణం ఉంది కాబట్టి పొటాషియం ఒకసారి చూశాం, 4.3, మామూలే. ఏడో నెల నుంచి లేజర్ మళ్లీ మొదలైంది, ఈసారి ముదురు రంగు చర్మానికి మేలైన లాంగ్ పల్స్ ఎన్‌డీ-యాగ్‌తో, ఐదు వారాలకొకటి, అంచుల్లో నూగు ఉన్నచోట తగలకుండా.

తిండి సంగతి క్లుప్తంగా చెప్తాను. అన్నం మాన్పించలేదు. రాత్రి అన్నం రెండు గరిటెలకి తగ్గించి, ఆ చోటు పప్పు, కూర, గుడ్డుతో నింపమన్నాను. తిన్నాక హాస్టల్ గ్రౌండ్‌లో ముప్పై నిమిషాల నడక. ఏడాదిలో నాలుగు కిలోలు తగ్గింది. రెండు గంటల గ్లూకోజ్ 128కి వచ్చింది. ఏడాది చివరికి దవడ మీద ఒకటో రెండో మొటిమలు, గడ్డం వెంట్రుకలు మూడు వారాలకి ఒకసారి కత్తిరిస్తే చాలు. మెడ నలుపు సగం తగ్గింది. పాత మచ్చలు ఇంకా ఉన్నాయి, వాటి పని ఇప్పుడు చూస్తున్నాం.

నేను మార్చుకున్నవి

ఇప్పుడు మా చీటీలో 'నెలసరి రెగ్యులరా' అన్న గడి తీసేశాను. దాని బదులు 'మాత్రలు లేకుండా గత 12 నెలల్లో ఎన్నిసార్లు' అని ఉంది. ప్రతి హార్మోన్ అంకె పక్కన మూడు మాటలు రాస్తాను: నెలసరిలో ఎన్నో రోజు, ఎన్ని గంటలకి, అప్పుడు ఏం వాడుతోంది. ఆ మూడూ తెలియని పాత రిపోర్టుని నార్మల్ అనీ అనను, అబ్‌నార్మల్ అనీ అనను. పద్దెనిమిది నిండిన అమ్మాయి ఎవరొచ్చినా ఐదు నిమిషాలు ఒంటరిగా మాట్లాడతాను. క్రీము లాంటి కారణం ఒకటి దొరికినా, అది మానిన తర్వాత ఏం మిగిలిందో చూసేదాకా కేసు మూసేయను.

కావ్యకి సంబంధం కుదిరింది. పిల్లల కోసం అనుకున్నప్పుడు ముందుగా స్పైరనోలాక్టోన్, తర్వాత మాత్రలు ఆపాలని, స్పైరనోలాక్టోన్ ఆపి కనీసం నెల గడిచాకే ప్రయత్నించాలని, అండం విడుదల కాకపోతే లెట్రజోల్‌తో మొదలుపెట్టొచ్చని ఇద్దరం కలిసి రాసుకున్నాం. ఆ కాగితం ఆమె దగ్గరే ఉంది.

పోయిన నెల వాళ్లమ్మగారు చిన్నమ్మాయిని తీసుకొచ్చారు. పదిహేనేళ్లు, నుదుటి మీద మొటిమలు. "దీనికి కూడా ముందే స్కాన్ తీయిస్తే మంచిది కదా మేడం?" అన్నారు. రజస్వల అయి ఎనిమిదేళ్లు నిండేదాకా స్కాన్‌ని బట్టి పీసీఓఎస్ అని చెప్పకూడదని, ఆ వయసులో అండాశయాలు మామూలుగానే అలా కనిపిస్తాయని చెప్పాను. నెలసరి గురించి అడగబోతే ఆవిడే లేచి, "దాన్నే అడగండి, నేను బయట కూర్చుంటా" అన్నారు. ఆ పిల్లకి రజస్వల అయి రెండున్నరేళ్లు, నలభై రోజులకి ఒకసారి వస్తోంది, మాత్రలేవీ లేవు. మొదటి మూడేళ్లలో 45 రోజుల దాకా ఎడం ఉండొచ్చు. తేదీలు రాసుకోమని చిన్న క్యాలెండరు ఇచ్చి, ఆరు నెలల తర్వాత రమ్మన్నాను.